పగుళ్లకు నేనడిగిన కాగితాలు

స్లాబు మీద పగులు మొదట చూసింది నేనే. సోమవారం పొద్దున్నే బడి గంటకు ముందు నిచ్చెన ఎక్కాను. చీరకుచ్చిళ్లు ఒక చేత్తో పట్టుకుని, రెండో చేత్తో కళ్లజోడు సర్దుకుని వంగి చూస్తే, బూడిదరంగు కాంక్రీటు మీద వెంట్రుక పడినట్టు ఒక గీత. వేలితో తుడిచాను, పోలేదు. దాని పక్కనే ఇంకోటి. ఆ మూల నుంచి ఈ మూలకు మరో ఐదారు. శనివారం పోసిన స్లాబు అది. పోసి రెండు రోజులు కూడా నిండలేదు.

మాది చల్లపల్లికి కూతవేటు దూరంలో ఉన్న మిషన్ కాంపౌండు. చర్చి, ఆడపిల్లల హైస్కూలు, హాస్టలు, నాలుగు టీచర్ల ఇళ్లు. నేను లెక్కలు చెప్పేదాన్ని. ఉప్పెన వచ్చినప్పుడు పాత హాస్టలు పెంకులన్నీ ఎగిరిపోయి పడమటి గోడ కూలింది. మిగిలిన గోడ వారన ఆడపిల్లల్ని బల్లల కింద దూర్చి, ఆ బల్లల మీద పరుపులు వేసి, వాటి మీద నేను పడుకున్నాను. ఎవరికీ ఏమీ కాలేదు. కానీ ఆ తర్వాత నేను ఏ ఇంట్లోకి వెళ్లినా ముందు పైకప్పు వంక చూసి గాని కూర్చునేదాన్ని కాదు. అందుకే కొత్త హాస్టలుకు స్లాబే వేయాలని పట్టుబట్టాను. ఆ పట్టుదల చూసే కాబోలు, భవన కమిటీకి నన్నే కార్యదర్శిని చేశారు. జూన్‌లో బడి తెరిచేసరికి ముప్ఫైమంది పిల్లలు ఆ కప్పు కింద పడుకోవాలి. నాకు తెలిసిన లెక్క అదొక్కటే.

కాంట్రాక్టరు బెజవాడ మనిషి. వన్ టౌన్‌లో ఇనుప సామాను కొట్ల మధ్య ఉండేది ఆయన ఆఫీసు. నుదుట బొట్టు, తెల్ల పంచె, చంకలో గొడుగు. మాట మెత్తన. మెత్తగా మాట్లాడేవాళ్లంటే నాకు మొదటినుంచీ అనుమానం. లెక్క రానివాళ్లే "అవునండీ టీచర్" అని ముందుగా తలూపుతారని క్లాసులో రోజూ చూసేదాన్ని.

ఆయన్ని రాక్షసిలా కాపలా కాశాను, ఒప్పుకుంటాను. అప్పట్లో సిమెంటు పర్మిట్ల మీద తప్ప దొరికేది కాదు. దొరికిన దాంట్లో బూడిద కలుపుతారని ఊరూవాడా చెప్పుకునేవాళ్లు. లారీ దిగిన ప్రతి గోతామూ నేను తడిమి చూసేదాన్ని. ఇసుక వస్తే సైన్సు ల్యాబులో పొడుగాటి గ్లాసు తెచ్చి, అందులో ఇసుకా నీళ్లూ పోసి కుదిపి, పైన పేరుకున్న బురద ఎంతో స్కేలు పెట్టి కొలిచేదాన్ని. కాంట్రాక్టరు పక్కన నిలబడి గొడుగు పట్టేవాడు.

సైటులో ఒక ఆర్డర్ బుక్కు ఉండేది. మేం చెప్పదలచుకున్నది అందులో రాయాలి, ఆయన కింద సంతకం పెట్టాలి. మొదటి పేజీలో మొదటి ఆర్డరు నా చేతిరాతే: కాంపౌండులో ఆదివారం ఏ పనీ జరగరాదు. అది మా కాంపౌండులో పాత కట్టుబాటు. ఆదివారం కూరలు కూడా శనివారమే తరిగి పెట్టుకునేవాళ్లం. ఆయన చదివి, "అట్టాగేనండీ" అని సంతకం పెట్టాడు.

స్లాబు శనివారం పోయమన్నది కూడా నేనే. పోసిన మర్నాడు కూలీలు దానిమీద ఎక్కి తొక్కకుండా ఉంటారు కదా అని. "స్లాబు కూడా ఒకరోజు విశ్రాంతి తీసుకుంటుందిలెండి" అని నవ్వాను. ఆయన నవ్వలేదు. ఏదో అనబోయి, గొడుగు ఈ చంకలోంచి ఆ చంకలోకి మార్చుకుని, "మీ ఇష్టమండీ" అన్నాడు. చూశారా, ఏదో దాస్తున్నాడు అనుకున్నాను.

మొదటి గది స్లాబు పోసిన రోజు పొద్దుటినుంచీ అక్కడే ఉన్నాను. ఇనప అచ్చుల్లో ఆరు ఘనాలు పోశారు. ఆరంగుళాల పొడుగు, ఆరంగుళాల వెడల్పు, ఆరంగుళాల ఎత్తు. స్లాబులోకి పోయే కాంక్రీటే వాటిలోకీ పోయాలి. తర్వాత వాటిని బెజవాడ తీసుకెళ్లి ల్యాబులో మిషను కింద నలగ్గొట్టి, ఎంత బరువుకు పగిలాయో రాసిస్తారు. మూడింటిని ఏడు రోజులకు, మిగతా మూడింటిని ఇరవై ఎనిమిది రోజులకు. తడి ఆరకముందే మేకు తీసుకుని ప్రతి ఘనం మీదా తేదీ గీసి, పక్కన నా గుర్తుగా ఒక త్రిభుజం గీశాను. దారిలో మార్చేస్తే పట్టుకోవాలని నా ఎత్తు. అచ్చులు వరండా నీడన తడిగోనెల కింద పెట్టారు. సోమవారం అచ్చులు విప్పి ఘనాల్ని నీళ్లలో ముంచాలట. అంత పెద్ద తొట్టి కాంపౌండులో ఒకటే, బాప్తిస్మమిచ్చేది. పాస్టరుగారు కాసేపు గొణిగి, "ఈ నెల్లో బాప్తిస్మాలు లేవులే" అని ఒప్పుకున్నారు.

మర్నాడు ఆదివారం. గుడికి వెళ్లబోతూ చూస్తే, పెద్దమ్మ నీళ్ల బిందె భుజాన పెట్టుకుని నిచ్చెన ఎక్కుతోంది. పెద్దమ్మంటే మా కాంపౌండుకంతా నీళ్లు మోసే మనిషి. మా సంఘంలో మనిషే, చర్చిలో ముందు వరసలో చాప మీద కూర్చునేది. నాకు ఒళ్లు మండిపోయింది. "ఆదివారం పూట పనేంటి పెద్దమ్మా, బుద్ధి లేదూ? దిగు ముందు!" అని గేటు దగ్గరినుంచే అరిచాను. ఆమె సగం నిచ్చెన మీద ఆగి ఏదో అంది. వినిపించుకోలేదు. దిగొచ్చి, బిందెడు నీళ్లూ మునగచెట్టు మొదట్లో పోసేసింది. ఆ రోజు గుడిలో నేను చాలా హాయిగా పాటలు పాడాను.

ఆ సోమవారమే నేను పగులు చూసింది.

"ఏమండీ కాంట్రాక్టరు గారూ, ఏంటండీ ఇది?"

ఆయన మోకాళ్ల మీద కూర్చుని చూశాడు. మొహం పాలిపోయింది. "ఎండండీ. పడమటి గాలి కూడా తోడైంది. పైపై గీతలే అయ్యుంటాయండీ. నీళ్లు కట్టేద్దాం."

"ఎండ నా మీద కూడా పడిందండీ, నేను పగల్లేదే!"

ఆయన స్లాబు చుట్టూ మట్టి గట్లు కట్టించి నీళ్లు నిలబెట్టించాడు. పెద్దమ్మ ఆ వారమంతా బిందెలు మోసింది. మళ్లీ శనివారం రెండో గది స్లాబు పోశారు. అప్పుడూ ఆరు ఘనాలు, ఆరు త్రిభుజాలు. మర్నాడు ఆదివారం, నా ఆర్డరు ప్రకారం ఎవరూ పైకెక్కలేదు. సోమవారం ఎక్కి చూస్తే దానిమీదా గీతలే. ఈసారి ఇంకా ఎక్కువ.

ఇక నేను ఆగలేదు. పని ఆపించాను. ఆర్డర్ బుక్కులో నంబర్లు వేసి మరీ రాశాను: సిమెంటు పరీక్ష రిపోర్టు, ఇనుము పరీక్ష రిపోర్టు, ఇసుకా కంకరా రిపోర్టులు, రెండు స్లాబుల ఘనాల రిపోర్టులు, అన్నీ అసలు కాగితాలు, నకళ్లు కావు. అవి నా చేతికొచ్చేదాకా సెంటరింగు విప్పడానికి వీల్లేదు, మూడో గది మొదలెట్టడానికి వీల్లేదు. సెంటరింగంటే స్లాబును కింద మోసే చెక్కలూ సరివిబాదులూ. అవి విప్పితేగాని పిల్లలు గదిలోకి రాలేరు. ఆ సంగతి తెలిసే రాశాను. పగిలిన కప్పు కింద పడుకోవడం కంటే చెట్టుకింద పడుకోవడం నయం.

కాంట్రాక్టరు మూడుసార్లు చదివి, "ఇరవై ఎనిమిది రోజులవాలండీ" అన్నాడు.

"ఎందుకు? ఈలోగా కాగితాలు తయారుచేయడానికా?"

ఆయన చెవులు ఎర్రబడ్డాయి. అయినా సంతకం పెట్టాడు.

వారం తిరక్కుండా సిమెంటుదీ ఇనుముదీ కంకరదీ కాగితాలు తెచ్చిచ్చాడు. వెంటనే ఏడు రోజుల ఘనాలవీ వచ్చాయి. అన్నీ బ్రహ్మాండంగా ఉన్నాయి. అంత బ్రహ్మాండంగా ఉండటమే నాకు నచ్చలేదు. ఎప్పుడూ ముప్ఫై మార్కులొచ్చే పిల్లకి ఒక్కసారిగా తొంభై వస్తే మనం ఏమనుకుంటాం? నేనదే అనుకున్నాను. అనుకోవడమే కాదు, అన్నాను కూడా. పోస్టాఫీసులో అన్నాను, బస్టాండులో అన్నాను, స్టాఫ్ రూములో రోజూ అన్నాను. "మన సిమెంటు ఎవరి మేడలోకి పోయిందో" అని. మాట ఊరు దాటింది. మైలవరంలో ఏదో స్కూలు కట్టే పని ఆయన చేతికి వచ్చినట్టే వచ్చి ఆగిపోయిందని పాస్టరుగారు చెప్పారు. "నిజం తేలనీయమ్మా, తొందరపడకు" అన్నారాయన. "తేలేదాకా కప్పు నెత్తిన పడదని మీరు రాసిస్తారా?" అన్నాను. పాపం, ఆయన బైబిలు తెరుచుకున్నారు.

మే నెల నడిమికి ఇరవై ఎనిమిది రోజుల రిపోర్టులు వచ్చాయి. కాంట్రాక్టరే స్వయంగా తెచ్చాడు. చదరపు సెంటీమీటరుకి నూట యాభై కిలోలు మోస్తే చాలన్న చోట, ఆరు ఘనాలూ దానికి మించే మోశాయి. కవరు మీద ల్యాబు ముద్ర. కానీ కవరు ఆయన చేతిలోంచి వచ్చింది. మర్నాడే బస్సెక్కాను.

బెజవాడ ఎండలో దిగి, దారి అడుగుతూ, ఘనాలు నలగ్గొట్టే ఆ ఇంజనీరింగు కాలేజీ ల్యాబుకు వెళ్లేసరికి పన్నెండయింది. అక్కడ ఒక లెక్చరరుగారు టిఫిన్ కారియర్ విప్పుకుంటున్నారు. నలభై ఏళ్లుంటాయేమో, చొక్కా జేబు నిండా సుద్దపొడి. నేను రిపోర్టులు బల్లమీద పడేసి, "ఇవి మీరు ఇచ్చినవేనా అండీ?" అన్నాను, నమస్కారం కూడా పెట్టకుండా.

ఆయన సంతకం చూసి, "నాదేనమ్మా" అన్నారు.

"ఆ ఘనాలు మా ఊరివేనని మీకేం తెలుసు?"

ఆయనకు కోపం రాలేదు. మూత పెట్టి లేచి, వెనక వాకిట్లోకి తీసుకెళ్లారు. అక్కడ పగలగొట్టిన కాంక్రీటు ముక్కల గుట్ట. "నిన్నా మొన్నటివి ఇంకా పారబోయలేదు. మీరే వెతుక్కోండి" అన్నారు. నేను చీర దోపుకుని వెతికాను. నాలుగు ముక్కలు తిరగేశాక దొరికింది. సగం తేదీ, దాని పక్కన వంకర త్రిభుజం. నా చేతి గీతే. ఆ అంచు దగ్గర మేకు జారి తోకలా లాగిన గీత కూడా అలాగే ఉంది. ఇంకో ముక్క, ఇంకో త్రిభుజం.

నాకు సంతోషం కలగాలి కదా. కలగలేదు. అనుమానానికి కాళ్లు విరిగినా అది కూర్చోదు. "మరి స్లాబెందుకు పగిలిందండీ?" అన్నాను.

"నీళ్లు ఎప్పుడు పెట్టారు?"

"రెండువారాలు నిలబెట్టారండీ. గట్లు కట్టి."

"అది కాదమ్మా. పోసింది ఎప్పుడు? మొదటి బొట్టు పడింది ఎప్పుడు?"

"శనివారం మధ్యాహ్నానికి పోయడం అయిపోయింది. సోమవారం పొద్దున..." అన్నాను. అంతే. మునగచెట్టు మొదట్లో పోసిన బిందెడు నీళ్లు గుర్తొచ్చాయి.

ఆయన నా మొహం చూడకుండా, క్లాసులో పిల్లలకు చెప్పినట్టు చెప్పుకుపోయారు. ఈ ఘనాలు నీడలో తడిగోనె కింద ఉండి, తర్వాత నీళ్లలో మునిగి పెరిగాయి. మీ స్లాబు ఏప్రిల్ ఎండలో, పడమటి గాలిలో దాదాపు రెండు రోజులు నోరెండి పడుంది. పోసిన సాయంత్రమే తడిగోనెలు కప్పాలి, మర్నాడు పొద్దున్నే నీళ్లు కట్టాలి. లేకపోతే లోపలి తడి ఆరకముందే పైచర్మం ఎండి బిగుసుకుపోతుంది, అప్పుడే వెంట్రుక గీతలు పడతాయి. సరుకు మంచిదా కాదా అన్నదే ఈ కాగితం చెబుతుంది. మీరు స్లాబును ఎలా చూసుకున్నారో ఇది చెప్పదు.

"ఆదివారం నీళ్లు పెట్టలేదా?" అన్నారు చివర్లో.

"లేదండీ."

"ఎవరు వద్దన్నారు?"

లెక్క తప్పు చేసి బోర్డు దగ్గర నిలబడ్డ పిల్లల్ని ఎన్ని వందలమందిని చూశానో! ఆ రోజు ఆ గుట్ట దగ్గర నేనలా నిలబడ్డాను. "ఇప్పుడు ఆ కప్పు కింద పిల్లలు పడుకోవచ్చా అండీ?" అని అడిగాను.

"చూడకుండా చెప్పనమ్మా. సెంటరింగు విప్పించండి. పైన రెండు రోజులు నీళ్లు నిలబెట్టి, కింద చెమ్మ దిగుతుందేమో, గీతలు కిందికి కనిపిస్తున్నాయేమో చూడండి. నేనూ వచ్చి చూస్తాను. పైపైవే అయితే సిమెంటు పాలు పట్టించి మూసేయొచ్చు."

బస్సులో కిటికీ పక్కన కూర్చుని దారి పొడుగునా ఏడ్చాను. సిగ్గుతో ఏడ్చాను, నలుగురూ చూస్తున్నా ఏడ్చాను. ఊళ్లో దిగగానే ఇంటికి వెళ్లలేదు, సైటుకు వెళ్లాను. కాంట్రాక్టరు ఆపేసిన పని దగ్గర, తిరగేసిన సిమెంటు తట్ట మీద కూర్చుని ఉన్నాడు.

"ఆదివారం నీళ్లు పెట్టకపోవడం వల్లేనని మీకు తెలుసుగా?" అన్నాను. "నాకెందుకు చెప్పలేదండీ? ఊరంతా మిమ్మల్ని దొంగన్నాను. ఒక్క మాట చెబితే పోయేదిగా!"

ఆయన గొడుగు పిడి తిప్పాడు. "మీ దేవుడి రోజు సంగతండీ అది. నేను బొట్టుపెట్టుకునేవాణ్ణి. మీ గుడి ఆవరణలో నిలబడి మీ ఆదివారం వల్ల స్లాబు పగిలిందని నేనెట్టా అంటానండీ? సిమెంటు తిన్నానంటే నాకొక్కడికే చెడ్డపేరు. ఈ మాటంటే ఊళ్లో రెండు వర్గాల మధ్యన గొడవ పడుద్దండీ."

నేను ఆర్డర్ బుక్కు అడిగి తీసుకున్నాను. మొదటి పేజీ తెరిచి నా ఆర్డరు కొట్టేశాను. దాని కింద, స్లాబులకు పగుళ్లు రావడానికి కారణం ఈ ఆర్డరే, సరుకులో ఏ లోపమూ లేదు అని రాసి సంతకం పెట్టాను. కింద ఆయన సంతకం పెట్టాలి. ఆయన పెట్టలేదు. "ఇది నాకిచ్చిన ఆర్డరు కాదు గదండీ" అన్నాడు. ఆ పేజీనే ఆదివారం ఆరాధన అయ్యాక సంఘం ముందు నిలబడి చదివాను. అదే మాట ఉత్తరంగా రాసి మైలవరం పంపాను. వాళ్లు ఆ పని అప్పటికే ఇంకొకరికి ఇచ్చేశారు.

నేను బెజవాడ వెళ్లొచ్చిన మర్నాడే సెంటరింగు విప్పారు. రెండు గదుల మీదా గట్లు కట్టి నీళ్లు నింపారు. లెక్చరరుగారు అన్నట్టే వచ్చారు. నేను వట్టి నేల మీద వెల్లకిలా పడుకుని కప్పంతా అంగుళం అంగుళం చూశాను. ఒక్క గీత కిందికి రాలేదు. ఒక్క చెమ్మ మచ్చ లేదు. కప్పు పొడిగా, తెల్లగా, గట్టిగా ఉంది. లేవలేక ఇంకాసేపు అలాగే పడుకున్నాను.

మూడో గది స్లాబు రోహిణి కార్తెలో పోశారు. కూలీల ముఠా మళ్లీ శనివారమే దొరికింది. సాయంత్రమే తడిగోనెలు కప్పించారు. ఆదివారం పొద్దున గంట కొట్టకముందే నేను రెండు బిందెలు తీసుకుని బావి దగ్గరికి వెళ్లాను. పెద్దమ్మ గుడికని తెల్లచీర కట్టుకుని వస్తోంది. నన్ను చూసి ఆగింది. నా చేతిలో బిందె ఒకటి తీసుకుంది. ఇద్దరం నిచ్చెన ఎక్కాం. గుడికి వెళ్లేవాళ్లంతా తలలెత్తి చూస్తున్నారు. పాస్టరుగారు కూడా చూశారు, చూసి లోపలికి వెళ్లిపోయారు.

గోనెల మీద నీళ్లు పోస్తూ అడిగాను. "ఆ రోజు నేను దిగమంటే నిచ్చెన మీద ఏదో అన్నావు పెద్దమ్మా. ఏమన్నావు?"

ఆమె బిందె వంచుతూ, తలెత్తకుండా చెప్పింది. "ఏముందమ్మా. దీనికి దాహంగా ఉందమ్మా, ఈ ఒక్క బిందె పోసి దిగుతా అన్నా."